వెయ్యి నూట పదహార్ల రసీదు: విరాళాల పేజీలో లెక్క ఎలా కుదరాలి

ఆలయ ట్రస్టుకో సేవా ట్రస్టుకో ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ పెట్టడం ఇప్పుడు ఒక పూట పని. పేమెంట్ గేట్‌వే సంస్థలు ఫారాన్ని సిద్ధం చేసే ఉంచుతాయి, బ్యాంకు క్యూఆర్ కోడ్ ఇస్తుంది, డబ్బు రావడం మొదలవుతుంది. చిక్కు మాత్రం సంవత్సరం ముగిశాక బయటపడుతుంది. దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపే వేళకి ఇచ్చిన రసీదుల మొత్తం ఒకటి, బ్యాంకులో పడినది ఇంకొకటి, పుస్తకాల్లో రాసినది మరొకటి అయి కూర్చుంటాయి. ఎవరూ ఒక్క రూపాయి ముట్టుకోకపోయినా లెక్క కుదరదు. అప్పుడు ఊళ్లో ఎవరైనా ప్రశ్నిస్తే కార్యవర్గం దగ్గర చూపడానికి కాగితం ఉండదు, మాట మాత్రమే ఉంటుంది.

కాబట్టి పేజీ రంగులు, బొమ్మల కంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. దాత చెల్లింపు నుంచి రసీదు నంబరుకి, అక్కడి నుంచి బ్యాంకు జమకి, అక్కడి నుంచి ఖర్చు పద్దుకి ఎవరైనా నడిచి వెళ్లగలగాలి, అదే దారిలో వెనక్కి రాగలగాలి. అన్నదానానికి 1,116 రూపాయలు ఇచ్చిన ఒక దాతను ఉదాహరణగా తీసుకుని ఆ దారిని చివరిదాకా చూద్దాం.

మొదటి మెట్టు ఖాతా పేరు. కార్యదర్శి సొంత ఫోన్ నంబరుకి యూపీఐలో విరాళాలు తెప్పించుకోవడం చిన్న ఆలయాల్లో ఇంకా మామూలే. ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఆ డబ్బు ఆయన ఆదాయంలాగే కనిపిస్తుంది, ఆయన ఇంటి ఖర్చులతో కలిసిపోతుంది, ఆయన తర్వాత దాని లెక్క ఎవరికీ అందదు. ఖాతా ట్రస్టు పేరున, ట్రస్టు పాన్‌తో ఉండాలి. యూపీఐలో చెల్లించే ముందు తెర మీద కనిపించే పేరు, పేజీ మీద రాసిన పేరు ఒకటే కావాలి. ఆ రెండూ ఒకటి కాకపోతే చెల్లించకుండా ఆగమని పేజీలోనే రాయడం మంచిది, నకిలీ పేజీల నుంచి దాతను కాపాడే మాట అదొక్కటే. ఇక ఆలయం దేవాదాయ శాఖ కింద ఉంటే, అంటే 1987 నాటి 30వ చట్టం పరిధిలో ఉంటే, భక్త బృందమేదీ ఆ ఆలయం పేరు మీద సొంతంగా పేజీ తెరవకూడదు. వసూలు, రసీదు రెండూ ఆలయ అధికారి ద్వారానే జరగాలి.

ఫారంలో రెండు పేర్లు

తెలుగు ఆలయాల పేజీల్లో తరచూ జరిగే పొరపాటు పేరు గడి దగ్గరే ఉంటుంది. "పేరు, గోత్రం" అని ఒకే గడి పెడతారు. దాత అందులో స్వర్గస్థురాలైన తల్లి పేరో, పుట్టినరోజు జరుపుకుంటున్న మనవడి పేరో రాస్తాడు, ఎందుకంటే అన్నదానం వాళ్ల పేరున జరగాలని అతని కోరిక. రసీదు ఆ పేరు మీదే తయారవుతుంది. డబ్బు మాత్రం అతని ఖాతా నుంచి వెళ్లింది, పాన్ అతనిది. ఏడాది చివర పాన్ ఒకరిది, పేరు మరొకరిది అయిన వరుసలు వందల్లో తేలతాయి. అందుకే "చెల్లిస్తున్నవారి పేరు, పాన్ కార్డులో ఉన్నట్టు" అని ఒక గడి, "ఎవరి పేరున సంకల్పం, గోత్రం" అని మరో గడి విడిగా ఉండాలి. రసీదు మొదటి పేరు మీద వస్తుంది, సంకల్పం పేరు దాని కింద వరుసలో అచ్చవుతుంది.

చిరునామా గడిని చాలామంది అనవసరమని తీసేస్తారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 115బీబీసీ సెక్షన్ చూస్తే అది ఎందుకు కావాలో తెలుస్తుంది. దాత పేరు, చిరునామా రికార్డులో లేని విరాళాన్ని ఆ చట్టం అజ్ఞాత విరాళంగా చూస్తుంది. పూర్తిగా మతపరమైన ట్రస్టుకి దాని మీద పన్ను లేదు, హుండీకి ఆ వెసులుబాటు తప్పనిసరి కదా. సేవా ట్రస్టుకి మాత్రం పరిమితి ఉంది: మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకే. దాటిన దాని మీద 30 శాతం పన్ను. ఏడాదికి 40 లక్షలు వచ్చే ట్రస్టు గోడ మీది క్యూఆర్ కోడ్ ద్వారా చిరునామా తెలియని మూడున్నర లక్షలు తీసుకుందనుకుందాం. 5 శాతం అంటే రెండు లక్షలు. మిగిలిన లక్షన్నర మీద 45,000 రూపాయల పన్ను, పైన సెస్సు. ఆ 45,000తో కొన్ని రోజుల అన్నదానం జరిగేది. క్యూఆర్ కోడ్‌తో నేరుగా వచ్చిన డబ్బుకి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పంపినవారి పేరు, యూపీఐ చిరునామా, లావాదేవీ నంబరు ఉంటాయి గానీ ఇంటి చిరునామా ఉండదు. గోడ మీద అంటించే క్యూఆర్ కోడ్ ఖాతాకి కాకుండా ఈ ఫారానికి తీసుకెళ్లేలా చేస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

పాన్ అందరినీ అడగక్కర్లేదు. పన్ను మినహాయింపు కావాలన్నవారిని మాత్రం చెల్లింపుకి ముందే అడగాలి, తర్వాత ఫోన్లు చేసి సేకరించడం కుదిరే పని కాదు. పాన్‌లో మొదట ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి. నాలుగో అక్షరం వ్యక్తికి P, కంపెనీకి C, ట్రస్టుకి T. వ్యక్తి పేరు రాసి, నాలుగో అక్షరం C ఉన్న పాన్ ఇస్తే ఫారం అక్కడే ఆపి అడగాలి.

80జీ అని రాసే ముందు

ఆలయ పేజీల్లో "మీ విరాళానికి 80జీ మినహాయింపు ఉంది" అన్న వాక్యం చాలాసార్లు తప్పు. దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు తెచ్చిపెట్టే 80జీ ఆమోదం సేవా కార్యక్రమాలకే గాని మతపరమైన పనికి కాదు. ఆమోదం ఉన్న ట్రస్టు కూడా ఏడాది ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన ఖర్చు చేయకూడదు. నిత్య పూజలు, కల్యాణోత్సవం, గోపుర నిర్మాణం చేసే ట్రస్టుకి మామూలుగా ఈ ఆమోదం రాదు. చారిత్రక, శిల్ప ప్రాధాన్యం ఉన్న ఆలయాలనూ, రాష్ట్రమంతటా పేరున్న ఆలయాలనూ కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే, వాటి జీర్ణోద్ధరణకు, మరమ్మతులకు ఇచ్చిన విరాళాలకు మినహాయింపు వర్తిస్తుంది. అది వేరే దారి. అన్నదానం, వైద్యం, చదువు వంటి పనుల కోసం వేరే సేవా ట్రస్టు ఏర్పాటు చేసి, దానికి వేరే పాన్, వేరే ఖాతా, వేరే 80జీ ఆమోదం తెచ్చుకోవడం ఆలయాలకు అందుబాటులో ఉన్న సరైన పద్ధతి. అప్పుడు పేజీ ఒకటే అయినా, దాత ఎంచుకున్న పద్దును బట్టి డబ్బు ఏ ట్రస్టుకి వెళుతుందో, ఏ రసీదు వస్తుందో ముందే కనిపించాలి.

మినహాయింపు ఉన్నచోట కూడా ట్రస్టు ఇచ్చే రసీదుతో దాత పని పూర్తి కాదు. 2021-22 నుంచి ట్రస్టు ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలను ఫారం 10బీడీలో పంపాలి, దాని నుంచి తయారయ్యే 10బీఈ ధ్రువపత్రాన్ని దాతకు ఇవ్వాలి. రెండింటికీ గడువు మే 31. ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల రుసుము. దాతకు మినహాయింపు దక్కేది ఆ ధ్రువపత్రంతోనే. "ఇది విరాళం అందిన రసీదు, పన్ను ధ్రువపత్రం మే 31లోపు వేరుగా వస్తుంది" అన్న వరుస రసీదు అడుగున ఉంటే జులైలో వచ్చే ఫోన్లు సగం తగ్గుతాయి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదనీ, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80జీ వర్తించదనీ కూడా పక్కనే చెప్పడం న్యాయం. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. పాత సంఖ్యలతో అచ్చయ్యే రసీదు నమూనాను ఆడిటర్‌కి చూపించి మార్చుకోవాలి.

రసీదు ఎప్పుడు పుట్టాలి

మన దాత కార్డుతో 1,116 చెల్లించాడు. బ్యాంకు డబ్బు తీసుకుంది, సరిగ్గా అప్పుడే అతని ఫోన్‌లో నెట్ పోయింది. "ధన్యవాదాలు" పేజీ తెరుచుకోలేదు. ఆ పేజీ తెరుచుకున్నప్పుడే రసీదు తయారయ్యేలా కట్టిన చోట ఇతనికి రసీదు రాదు, డబ్బు మాత్రం ట్రస్టుకి చేరుతుంది. రసీదుల మొత్తం కంటే బ్యాంకు మొత్తం ఎక్కువ కావడానికి ఇది పెద్ద కారణం.

రసీదుని దాత తెరతో ముడిపెట్టకూడదు. చెల్లింపు ఖాయమైందని గేట్‌వే సర్వర్ నేరుగా ట్రస్టు సర్వర్‌కి ఒక సందేశం పంపుతుంది, దాన్నే వెబ్‌హుక్ అంటారు. రసీదు పుట్టాల్సింది ఆ సందేశంతో. దానికి మూడు జాగ్రత్తలు కావాలి. సందేశం నిజంగా గేట్‌వే నుంచే వచ్చిందని దానితో వచ్చే సంతకాన్ని సరిచూడాలి, లేకపోతే ఎవరైనా తప్పుడు సందేశం పంపి రసీదు పుట్టించుకోగలరు. అదే సందేశం రెండుసార్లు రావచ్చు, అయినా రసీదు ఒక్కటే పుట్టాలి. నంబర్లలో ఖాళీలు ఉండకూడదు. మొదటిది ప్రోగ్రాం రాసేవారు చూసుకుంటారు. రెండోదాన్ని డేటాబేస్ కాపాడుతుంది:

```sql
CREATE TABLE receipts (
  receipt_no VARCHAR(20) PRIMARY KEY,
  payment_id VARCHAR(40) NOT NULL UNIQUE,
  paid_at    TIMESTAMP NOT NULL,
  fund       VARCHAR(10) NOT NULL,
  gross      DECIMAL(12,2) NOT NULL,
  status     VARCHAR(10) NOT NULL DEFAULT 'valid'
);
```

ఇందులో `payment_id` పక్కన ఉన్న `UNIQUE` వల్ల ఒకే చెల్లింపుకి రెండో రసీదు పుట్టడం అసాధ్యం. మూడోది కొంచెం లోతైనది. డేటాబేస్ తనంతట తాను పెంచుకుంటూ పోయే నంబర్లను రసీదుకి వాడకూడదు. మధ్యలో ఏదైనా ప్రయత్నం విఫలమైతే ఆ నంబరు ఖర్చైపోతుంది, 416 తర్వాత 418 వస్తుంది. ఆడిటర్ 417 ఎక్కడని అడుగుతారు, ఆ ప్రశ్న సమంజసమే, చింపేసిన రసీదు కూడా అలాగే కనిపిస్తుంది. సంవత్సరానికీ పద్దుకీ ఒక లెక్కింపు వరుస పెట్టుకుని, రసీదు నమోదు చేసే డేటాబేస్ లావాదేవీలోనే దాన్ని పెంచాలి. అప్పుడు రెండూ జరుగుతాయి, లేదా రెండూ జరగవు. మన దాతకు `AN/2025-26/0417` వచ్చింది. వాపసు ఇచ్చిన విరాళానికి రసీదుని తొలగించకూడదు. స్థితి "రద్దు" అని మారుతుంది, నంబరు అలాగే ఉంటుంది.

బ్యాంకులో పడింది 1,116 కాదు

ఇక్కడే ఎక్కువ లెక్కలు దారి తప్పుతాయి. ట్రస్టు ఒప్పందంలో కార్డుకీ నెట్ బ్యాంకింగ్‌కీ 2 శాతం రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ, యూపీఐకి రుసుము లేదని అనుకుందాం. మన దాత 1,116 మీద రుసుము 22.32, జీఎస్టీ 4.02, మొత్తం 26.34. అదే రోజు మరో ఇద్దరు ఇచ్చారు: ఒకరు యూపీఐలో 516, ఇంకొకరు నెట్ బ్యాంకింగ్‌లో 10,000. పదివేల మీద కోత 236. ముగ్గురూ ఇచ్చింది 11,632. కోతలు 262.34. రెండు పనిదినాల తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించేది ముగ్గురి పేర్లూ లేని ఒకే ఒక్క వరుస: 11,369.66.

కోశాధికారి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి "విరాళాలు 11,369.66" అని రాస్తే ఆ రోజుకి 262 రూపాయల తేడా పుట్టింది. ఏడాదికి అది వేలల్లోకి వెళుతుంది. దాత ఇచ్చింది 1,116, రసీదు 1,116కే ఉండాలి, 10బీడీలోనూ 1,116 ఉండాలి. పుస్తకాల్లో విరాళాలు 11,632 అనీ, గేట్‌వే ఖర్చు 262.34 అనీ రెండు పద్దులుగా రాయాలి. దీనికి ఆధారం గేట్‌వే ఇచ్చే సెటిల్‌మెంట్ నివేదిక. బ్యాంకులో పడిన ప్రతి మొత్తంలో ఏయే చెల్లింపులు కలిసి ఉన్నాయో అందులో ఉంటుంది. వారానికోసారి దాన్ని రసీదుల పట్టికతో కలిపి చూస్తే రెండు రకాల వరుసలు విడిగా తేలతాయి: డబ్బు వచ్చి రసీదు లేనివి, రసీదు ఉండి డబ్బు రానివి. మొదటి రకం సందేశం అందకపోవడం వల్ల పుడుతుంది, వెంటనే రసీదు పంపాలి. రెండో రకం నాలుగైదు రోజులకు మించి అలాగే ఉంటే గేట్‌వేని అడగాలి.

మార్చి 31 రాత్రి వచ్చే విరాళాలు ప్రత్యేకంగా చూడాలి. పన్ను కోసం ఆ రోజే ఇచ్చేవారు చాలామంది. డబ్బు ఏప్రిల్‌లో బ్యాంకుకి చేరుతుంది. రసీదు తేదీ దాత చెల్లించిన తేదీయే, అందుకే పట్టికలో `paid_at` గేట్‌వే చెప్పిన సమయం కావాలి గాని సందేశం అందిన సమయం కాదు. సర్వర్ గడియారం భారత కాలమానంలో లేకపోతే అర్ధరాత్రికి అటూ ఇటూ వచ్చిన విరాళం రసీదు తప్పు సంవత్సరంలోకి జారవచ్చు. పుస్తకాల్లో ఆ మొత్తాన్ని "గేట్‌వే నుంచి రావలసినది"గా చూపే విధానం ఆడిటర్‌తో ముందే ఖాయం చేసుకోవాలి.

నలుగురికీ కనిపించే పట్టిక

దాతల పేర్లు, ఇచ్చిన మొత్తాలు గోడ మీద చెక్కించే అలవాటు పాతదే. పేజీ మీద మాత్రం పేర్ల జాబితా జవాబుదారీతనానికి పెద్దగా పనికిరాదు. అది గౌరవం ఇస్తుంది, సరిచూసుకునే వీలు ఇవ్వదు. గుప్తదానం చేసినవారికి ఇబ్బంది కూడా. అసలు కావాల్సింది పేర్లు లేని రసీదుల పట్టిక: తేదీ, రసీదు నంబరు, పద్దు, మొత్తం, లావాదేవీ నంబరులో చివరి నాలుగు అంకెలు, బ్యాంకుకి చేరిన తేదీ. ఏ దాతైనా తన రసీదు చేతిలో పట్టుకుని తన వరుస వెతుక్కోగలడు. ఎవరు వెతుకుతారో నిర్వాహకులకు ముందే తెలియదు కాబట్టి ఏ వరుసనూ దాచలేరు.

ఆ చివరి నాలుగు అంకెలు ఎందుకంటే, రసీదు పుస్తకాల కాలం నుంచి ఉన్న మోసం ఒకటుంది: ఒకే నంబరుతో రెండు రసీదులు. ఇద్దరు దాతలకూ 0417 ఇచ్చి, ఇద్దరూ 1,116 ఇచ్చి ఉంటే, పట్టికలో ఉన్న ఒక్క వరుసను చూసి ఇద్దరూ అది తనదే అనుకుంటారు. లావాదేవీ అంకెలు పక్కన ఉంటే రెండోవాడికి వెంటనే తేడా తెలుస్తుంది. నెల ముగిశాక ఆ నెల పట్టిక మూసేయాలి. తర్వాత వచ్చే మార్పేదైనా కొత్త నెలలో విడి వరుసగా, కారణంతో రావాలి. పాత నెల మొత్తం నిశ్శబ్దంగా మారే పట్టికను ఎవరూ నమ్మక్కర్లేదు.

పట్టిక వచ్చినదాన్నే చూపుతుంది. దాని పక్కన ఒక్కో పద్దుకి నాలుగు మొత్తాలు ఉంటే చాలు. అన్నదానం పద్దులో నెల మొదట 84,300, వచ్చింది 1,32,416, ఖర్చు 1,09,870, మిగిలింది 1,06,846. ఇవి నిజమా అన్నది ఒక్క పరీక్షతో తేలుతుంది: అన్ని పద్దుల మిగులూ కూడితే బ్యాంకు నిల్వ, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, చేతిలో నగదు, గేట్‌వే నుంచి రావలసినది కలిపి, చెల్లించాల్సిన బిల్లులు తీసేసిన మొత్తానికి సమానం కావాలి. గోశాల డబ్బుని అన్నదానానికి వాడేసిన ట్రస్టులో ఈ మొత్తం సరిపోతుంది గాని, ఒక పద్దు మిగులు సున్నా కంటే కిందకి పోతుంది. దాన్ని కప్పకుండా "గోశాల నుంచి తాత్కాలికంగా తీసుకున్నది" అని అలాగే చూపాలి. శాశ్వత పూజ, శాశ్వత అన్నదానం కింద వచ్చినదాన్ని ఈ పద్దుల్లో కలపకుండా విడి పద్దుగా చూపాలి. అది మూలధనం, వడ్డీ మాత్రమే ఖర్చుకి వస్తుంది. అది మూలధనంగా ఉండాలన్న దాత రాతపూర్వక ఆదేశం కూడా ఉండాలి. ఫారంలో ఆ గడిని దాతే గుర్తు పెట్టాలి, ముందే గుర్తు పెట్టి ఉంచకూడదు.

హుండీ, కౌంటర్ నగదు ఈ పట్టికలో తమంతట తాము రావు. కౌంటర్ రసీదులను కూడా అదే ప్రోగ్రాంలో వేరే వరుసతో ఇవ్వాలి. హుండీ లెక్కింపు రోజున సంతకాలతో తయారైన కాగితం ఫొటోను, బ్యాంకులో జమ చేసిన తేదీని పెట్టాలి.

విదేశాల నుంచి వచ్చే డబ్బుకి ఎఫ్‌సీఆర్‌ఏ అనే వేరే చట్టం ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ మూలమే. వాళ్ల విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి, ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉన్నవారు సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది ఇందులోకి రాదు. అనుమతి లేని ట్రస్టు గేట్‌వేలో విదేశీ కార్డులను ఆపేసి, "నేను భారత పౌరుణ్ని" అన్న ధ్రువీకరణను ఫారంలో తప్పనిసరి చేయాలి. పొరపాటున వచ్చిన చిన్న మొత్తమైనా ఉంచేసుకుంటే అది చట్ట ఉల్లంఘనే.

లెక్కల పుస్తకాలు, రికార్డులు పదేళ్లు దాచాలని ఆదాయపు పన్ను నిబంధనలు చెబుతాయి. కార్యవర్గాలు అంతకంటే ముందే మారిపోతాయి. డొమైన్ పేరు, గేట్‌వే ఖాతా, వాటికి ఓటీపీ వచ్చే మొబైల్ నంబరు ట్రస్టు పేరున లేకపోతే, పేజీ కట్టిన కుర్రాడు ఉద్యోగానికి ఊరు వదిలిన రోజున పట్టిక ఆగిపోతుంది. ట్రస్టు పేరున ఒక సిమ్, ట్రస్టు మెయిల్, ఇద్దరు ట్రస్టీల చేతిలో పాస్‌వర్డులు, ప్రతి నెలా రసీదుల పట్టిక నకలు కోశాధికారి దగ్గర ఉండాలి. బాధ్యతలు మారే రోజున తాళాల గుత్తితో పాటు వీటిని కూడా అప్పగించినట్టు మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు చేయాలి.